కీళ్ళు వదులు, బైటన్ స్కోర్ 7, మాటిమాటికీ జారే మోకాలి చిప్ప: ఇందులో దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్ళు. ఎనిమిదో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. ఏడాదిన్నరలో కుడి మోకాలి చిప్ప మూడుసార్లు పక్కకి జారింది. మోకాళ్ళు, చీలమండలు రోజూ నొప్పే. ఒక డాక్టర్ గారు వేళ్ళు, చేతులు వంచి చూసి "బైటన్ స్కోర్ 7, ఎహ్లర్స్-డాన్లోస్ సిండ్రోమ్" అని రాశారు. ఇంటర్నెట్‌లో చూస్తే రక్తనాళాలు పగిలిపోతాయని ఉంది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఇంకో డాక్టర్ ఆపరేషన్ అంటున్నారు. ఫిబ్రవరిలో రంగప్రవేశం పెట్టుకున్నాం. డాన్స్ మాన్పించాలా? మాది మేనరికం, దానివల్లే వచ్చిందా?

జవాబు:

అమ్మా, ముందు మీ నిద్ర పోగొట్టిన మాట గురించి చెబుతాను. స్కోర్ 7 వచ్చిందంటే కీళ్ళు మామూలుకంటే ఎక్కువ వంగుతాయని మాత్రమే అర్థం. రక్తనాళాల గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. ఎహ్లర్స్-డాన్లోస్ అనేది ఒక్క జబ్బు కాదు, కీళ్ళనీ చర్మాన్నీ పట్టి ఉంచే కణజాలం పుట్టుకతోనే బలహీనంగా ఉండే వంశపారంపర్య జబ్బుల కుటుంబం. 2017లో చేసిన అంతర్జాతీయ వర్గీకరణలో అందులో 13 రకాలున్నాయి. మీరు చదివిన రక్తనాళాల ప్రమాదం ముఖ్యంగా వాస్క్యులర్ రకానిది. అది అరుదు. దాని జన్యువు వేరు, మనిషిని చూస్తే కనిపించే గుర్తులూ వేరు: లోపలి నరాలన్నీ కనిపించేంత పలుచని చర్మం, చిన్న తాకుడుకే పెద్ద పెద్ద కమిలిన మచ్చలు, ఇంట్లో ఎవరికో చిన్న వయసులోనే రక్తనాళమో పేగో చిట్లిన చరిత్ర. వాళ్ళకి వదులు ఎక్కువగా వేళ్ళలోనే ఉంటుంది. మోకాలి చిప్ప జారడంతో మొదలైన ఆడపిల్లల్లో చాలామందికి ఉండేది అది కాదు. అయితే "కాదు" అని చూసి తేల్చుకోవాలి. ఎలా తేల్చాలో కింద చెబుతాను.

నేను విజయవాడలో 19 ఏళ్ళుగా ఫిజియోథెరపిస్ట్‌ని. నా దగ్గరికి వచ్చే డాన్స్ పిల్లల్లో, యోగా పిల్లల్లో ఈ సమస్య తరచూ చూస్తాను.

ఆ 7 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మొత్తం 9 పాయింట్లు. చిటికెన వేలిని వెనక్కి ఎత్తితే 90 డిగ్రీలు దాటితే చేతికొకటి. బొటనవేలిని నొక్కితే ముంజేతికి ఆనితే చేతికొకటి. మోచెయ్యి నిటారు దాటి 10 డిగ్రీలకంటే ఎక్కువ వెనక్కి వంగితే ఒక్కోదానికి ఒకటి. మోకాలికి కూడా అంతే. చివరిది, మోకాళ్ళు వంచకుండా ముందుకి వంగి అరచేతులు రెండూ నేలకి ఆనిస్తే ఒకటి. పీటర్ బైటన్, ఆయన సహచరులు 1973లో దక్షిణాఫ్రికాలో ఒక గ్రామీణ జనాభాలో ఎవరి కీళ్ళు ఎంత వంగుతాయో లెక్కించడానికి వాడిన కొలత ఇది. వందలమందిని త్వరగా చూసి ముగించడానికి పనికొచ్చే కొలతనే ఇప్పుడు ఒక్క మనిషి భవిష్యత్తు చెప్పడానికి వాడుతున్నాం. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఈ 9లో భుజం లేదు. తుంటి లేదు. చీలమండ లేదు. మోకాలి చిప్ప అసలే లేదు. అందుకే స్కోర్ 3 ఉన్నవాళ్ళకి భుజం పదేపదే తప్పడం చూశాను, 9కి 9 ఉండి ఏ నొప్పీ లేకుండా హాయిగా తిరిగేవాళ్ళనీ చూశాను. అంకె పెద్దదైతే జబ్బు పెద్దదని అనుకోకండి.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. చిన్నపిల్లల కీళ్ళు సహజంగానే వదులు, వయసు పెరిగేకొద్దీ బిగుస్తాయి. అందుకని 2017 ప్రమాణాల్లో యుక్తవయసు రానివాళ్ళకి 6, వచ్చినవాళ్ళకి 50 ఏళ్ళ వరకు 5, ఆపైన 4 గీతగా పెట్టారు. మీ అమ్మాయికి వర్తించేది 5. మన భారతీయుల బొటనవేళ్ళు, వేలి కీళ్ళు యూరప్ వాళ్ళకంటే ఎక్కువ వంగుతాయని ఎప్పుడో గమనించారు. దానికితోడు తొమ్మిదేళ్ళ డాన్స్. అరచేతులు నేలకి ఆనించడం సాధనతో వస్తుంది కాబట్టి ఆ ఒక్క పాయింట్ డాన్స్ పిల్లల దగ్గర పెద్దగా ఏమీ చెప్పదు.

ఇక కొలిచే పద్ధతి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. మోకాలు 10 డిగ్రీలు దాటిందా లేదా అన్నది కంటితో చూసి చెప్పేది కాదు. గోనియోమీటర్ అని కోణాలు కొలిచే రెండు చేతుల స్కేలు ఉంటుంది. ఒక చెయ్యి తొడ ఎముక పక్కన పైనున్న బుడిపె వైపు, మధ్య బిందువు మోకాలి బయటి పక్క ఎముక మీద, రెండో చెయ్యి బయటి చీలమండ వైపు పెట్టి చదవాలి. చిటికెన వేలికి ముంజెయ్యి, అరచెయ్యి రెండూ బల్ల మీద ఆని ఉండాలి. గాల్లో పట్టుకుని ఎత్తితే మణికట్టు కలిసి లేస్తుంది, ఉత్తినే ఒక పాయింట్ చేరుతుంది. బొటనవేలికి మోచెయ్యి నిటారుగా ఉండాలి.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. 19 ఏళ్ళు, ఆమె కూడా డాన్సరే. చీటీ మీద స్కోర్ 8, కింద "హైపర్‌మొబైల్ ఎహ్లర్స్-డాన్లోస్" అని ఉంది. వాళ్ళమ్మ మీలాగే ఏడుస్తూ వచ్చింది. నేను గోనియోమీటర్‌తో మళ్ళీ కొలిచాను. చిటికెన వేళ్ళు రెండూ 90 దాటాయి, 2. బొటనవేళ్ళు రెండూ ఆనాయి, 2. మోచేతులు 6, 7 డిగ్రీలే, సున్నా. మోకాళ్ళు కుడివైపు 13, ఎడమవైపు 9, కాబట్టి 1. అరచేతులు ఆనాయి, 1. మొత్తం 6. అంటే 8 కాదు, కానీ 5 గీత దాటింది. కీళ్ళ వదులు నిజమే.

హైపర్‌మొబైల్ రకం అని పేరు పెట్టాలంటే ఇది మొదటి మెట్టు మాత్రమే. ఈ రకానికి ఇప్పటిదాకా జన్యువు దొరకలేదు, రక్తపరీక్షతో తేలదు. అందుకే మూడు షరతులు పెట్టారు. మొదటిది ఈ వదులు. రెండోది, మూడు గుంపుల లక్షణాల్లో కనీసం రెండు గుంపులు ఉండాలి. మూడోది, మిగతా జబ్బులేవీ కాదని తేల్చాలి.

ఆ మూడు గుంపుల్లో మొదటిది ఒళ్ళంతా కనిపించే గుర్తులది. 12లో కనీసం 5 ఉండాలి. చర్మం వెల్వెట్‌లా మెత్తగా ఉండటం, కొంచెం సాగడం, కారణం లేని చారలు, నిలబడితే మడమ పక్కన పైకి పొంగే చిన్న కొవ్వు బుడిపెలు, పలుచబడిన మచ్చలు, హెర్నియాలు, పళ్ళు ఇరుకుగా ఉండి అంగిలి ఎత్తుగా ఉండటం, పొడవాటి వేళ్ళు, ఎత్తుకంటే చేతుల చాపు ఎక్కువ ఉండటం, గుండె మైట్రల్ కవాటం వెనక్కి జారడం లాంటివి. ఈ అమ్మాయికి మెత్తని చర్మం ఉంది, మడమ బుడిపెలు రెండువైపులా ఉన్నాయి, అంగిలి ఎత్తుగా, పళ్ళు ఇరుకుగా ఉన్నాయి. చేతుల చాపు 170 సెంటీమీటర్లు, ఎత్తు 164. భాగిస్తే 1.04 కూడా రాలేదు, 1.05 కావాలి. ఎకోలో గుండె మామూలుగానే ఉంది. లెక్క 3 దగ్గర ఆగింది. ఈ గుంపు లేదు.

రెండో గుంపు కుటుంబం. అమ్మకో నాన్నకో తోబుట్టువులకో పిల్లలకో ఇదే ప్రమాణాలతో ఇదే జబ్బు తేలి ఉండాలి. వాళ్ళమ్మ చేతులు కూడా బాగా వంగుతాయి, కానీ వంగడం ఒక్కటే సరిపోదు. ఇదీ లేదు.

మూడో గుంపు కీళ్ళ బాధలు. రెండు లేదా అంతకుమించి కాళ్ళూచేతుల్లో మూడు నెలలుగా రోజూ నొప్పి ఉన్నా చాలు, మూడు నెలలుగా ఒళ్ళంతా నొప్పి ఉన్నా చాలు, దెబ్బ తగలకుండా ఒకే కీలు మూడుసార్లు తప్పినా లేదా రెండు వేర్వేరు కీళ్ళు వేర్వేరు సమయాల్లో రెండుసార్లు తప్పినా చాలు. ఈమెకి చిప్ప మూడుసార్లు జారింది. కానీ మొదటిసారి స్టేజి మెట్ల మీద నుంచి పడినప్పుడు జారింది. అది దెబ్బ కింద పోతుంది, మిగిలింది రెండే. అయితే రెండు మోకాళ్ళలోనూ ఐదు నెలలుగా రోజూ నొప్పి ఉంది కాబట్టి ఈ గుంపు నెరవేరింది.

మూడు గుంపుల్లో ఒక్కటే ఉంది, రెండు కావాలి. కాబట్టి ఆమెది హైపర్‌మొబైల్ ఎహ్లర్స్-డాన్లోస్ కాదు. వదులు వల్ల బాధలున్నాయి, కానీ ప్రమాణాలు అందలేదు అన్నవాళ్ళకి 2017లోనే ఇంకో పేరు పెట్టారు: హైపర్‌మొబిలిటీ స్పెక్ట్రమ్ డిజార్డర్. ఇది తక్కువ జబ్బు, అది ఎక్కువ జబ్బు అని కాదు. ఈ పేరున్నవాళ్ళలో కొందరికి నొప్పి చాలా తీవ్రంగా ఉంటుంది. కీళ్ళకి చేసే చికిత్స రెండింటికీ దాదాపు ఒకటే. తేడా అల్లా, జీవితాంతం మోసే ఒక వంశపారంపర్య జబ్బు పేరు సరిగ్గా చూడకుండా అంటించకూడదు.

మీ అమ్మాయి విషయంలో కూడా అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: మూడుసార్లలో ఎన్నిసార్లు పడటం వల్లో, ఎవరో తగలడం వల్లో జారింది, ఎన్నిసార్లు ఊరికే తిరిగితే జారింది? రాసి పెట్టుకోండి, డాక్టర్లు తప్పక అడగాలి.

ఇప్పుడు "మిగతా జబ్బులు కాదని తేల్చడం" అన్న మూడో షరతు. మీ భయానికి జవాబు ఇక్కడుంది. నేను ప్రతి పిల్లలోనూ ముందు వెతికేది మార్ఫన్ సిండ్రోమ్‌ని. అందులో ఫిబ్రిలిన్ అనే ప్రోటీన్ తయారుచేసే జన్యువులో లోపం ఉంటుంది, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని మొదటి భాగం నెమ్మదిగా ఉబ్బుతూ పోతుంది. కీళ్ళ వదులు అక్కడ చిన్న విషయం, బృహద్ధమని పెద్ద విషయం. ముందే తెలిస్తే మందులతో, క్రమం తప్పని ఎకోలతో, అవసరమైతే సమయానికి చేసే ఆపరేషన్‌తో ఆ ప్రమాదాన్ని బాగా తగ్గించవచ్చు. ఇంట్లోనే రెండు పరీక్షలు చూడవచ్చు. బొటనవేలిని అరచేతిలో పెట్టి పిడికిలి మూస్తే గోరు మొత్తం చిటికెన వేలి పక్క నుంచి బయటికి వస్తోందా? ఒక చేత్తో రెండో మణికట్టు చుట్టూ పట్టుకుంటే బొటనవేలు చిటికెన వేలి గోరుని పూర్తిగా కప్పుతోందా? ఈ రెండూ రెండు చేతులకీ ఉండి, మనిషి సన్నగా పొడుగ్గా ఉండి, రొమ్ము ఎముక లోపలికో బయటికో వంగి ఉంటే ఆలస్యం చేయకండి. కంటి డాక్టర్ కనుపాప పెద్దది చేసే చుక్కలు వేసి లోపలి కటకం పక్కకి జరిగిందేమో చూడాలి.

కొండనాలుక రెండుగా చీలి, కళ్ళ మధ్య దూరం ఎక్కువగా ఉంటే, మార్ఫన్‌లాగే బృహద్ధమని ఉబ్బే లోయిస్-డీట్జ్ సిండ్రోమ్ గుర్తుకు రావాలి. చర్మం బాగా సాగి, మోకాళ్ళ మీద మచ్చలు సిగరెట్ కాగితంలా ముడతలు పడి వెడల్పుగా ఉంటే క్లాసికల్ ఎహ్లర్స్-డాన్లోస్. కళ్ళ తెల్లగుడ్డు నీలంగా ఉండి, చిన్నప్పటి నుంచి ఎముకలు తేలిగ్గా విరుగుతుంటే అది ఎముకల జబ్బు, కీళ్ళ జబ్బు కాదు. చిన్న వయసులోనే ఎక్కువ మైనస్ పవర్, వినికిడి తగ్గడం కలిస్తే స్టిక్లర్ సిండ్రోమ్. వీటికీ, మొదట్లో చెప్పిన వాస్క్యులర్ రకానికీ జన్యుపరీక్షలున్నాయి. పైగుర్తులేవీ లేకుండా ఊరికే జన్యుపరీక్షకి డబ్బు పెట్టకండి. హైపర్‌మొబైల్ రకానికి జన్యువే తెలియదు కాబట్టి "అన్నీ నార్మల్" అని వస్తుంది, మీ ప్రశ్న అక్కడే ఉంటుంది. ఒక ఎకో, ఒక కంటి పరీక్ష, ఓపిగ్గా ఒళ్ళంతా చూసే డాక్టర్ ఒకరు. మీకు ముందు కావలసింది ఇవి. ఎకో చేసేటప్పుడు బృహద్ధమని మొదటి భాగం కొలత రాసి ఇమ్మని అడగండి, వట్టి "నార్మల్" అన్న మాట చాలదు.

మేనరికం గురించి అడిగారు. హైపర్‌మొబైల్ రకం ఇళ్ళలో నడిచే తీరు, మార్ఫన్, క్లాసికల్, వాస్క్యులర్ రకాలు నడిచే తీరు చూస్తే తల్లిదండ్రుల్లో ఒక్కరి దగ్గర నుంచి వస్తే చాలు, ప్రతి బిడ్డకీ సగం అవకాశం. దానికి మేనరికంతో పని లేదు. మార్ఫన్‌లో నలుగురిలో ఒకరికి ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగానూ వస్తుంది. కానీ ఎహ్లర్స్-డాన్లోస్‌లో కొన్ని అరుదైన రకాలు ఇద్దరి దగ్గర నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడతాయి. వాటికి మేనరికం అవకాశం పెంచుతుంది. పుట్టినప్పుడే ఒళ్ళు మెత్తగా వేలాడుతూ, నడక ఆలస్యమై, చిన్నప్పుడే వెన్ను వంకర తిరగడం అలాంటి ఒక రకం. మీ అమ్మాయి ఏడాదికి కాస్త అటూఇటూగా నడిచి, ఎనిమిదో ఏట డాన్స్ మొదలుపెట్టిందంటే ఆ దారి కాదనే అనిపిస్తోంది. మేనరికం సంగతి మాత్రం డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. మీ మీద నింద వేసుకోకండి.

ఇక చిప్ప. మోకాలి చిప్ప తొడ ఎముక ముందున్న గాడిలో పైకీ కిందకీ జరుగుతుంది. మోకాలు 30 డిగ్రీలు వంగాక గాడి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అంతకుముందు, అంటే కాలు దాదాపు నిటారుగా ఉన్నప్పుడు, లోపలి పక్కనున్న ఒక పల్చని లిగమెంటే దాన్ని బయటికి పోకుండా ఆపుతుంది. లిగమెంట్లకి బలమిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ వదులుగా ఉన్న పిల్లల్లో ఆ లిగమెంట్ సాగుతుంది. మొదటిసారి జారినప్పుడు చిరుగుతుంది. అప్పటినుంచి ఆ మొదటి 30 డిగ్రీల్లో చిప్పకి కాపలా తొడ కండరమే. ఆ పిల్లలు నిలబడే తీరు చూడండి: మోకాళ్ళు వెనక్కి విల్లులా వంగి లాక్ అయి ఉంటాయి. అలా నిలబడితే కండరం పని చేయక్కర్లేదు, లిగమెంట్లే బరువు మోస్తాయి. పైగా వీళ్ళలో కీలు ఏ కోణంలో ఉందో లోపలి నుంచి తెలిసే స్పృహ తక్కువగా ఉంటుంది. కళ్ళు మూసి ఒంటికాలి మీద నిలబడమంటే తూలిపోతారు. ఇందాక చెప్పిన అమ్మాయి కుడికాలి మీద 4 సెకన్లు నిలబడలేకపోయింది. డాన్సర్ అయ్యుండి!

డాన్స్‌లో ఇంకో సంగతి ఉంది. కూచిపూడిలో అరమండి వేసేటప్పుడు పాదాలు బయటికి తిరగాలి. ఆ తిప్పడం తుంటి నుంచి రావాలి. నేను చూసిన ఆ అమ్మాయి తుంటి కుడివైపు 38 డిగ్రీలే తిరుగుతోంది, కానీ అరమండిలో ఆ పాదం 75 డిగ్రీలదాకా పెడుతోంది. మధ్యలో తగ్గినదంతా ఎక్కడి నుంచి వస్తోంది? మోకాలి కింద కాలెముక మెలి తిరుగుతోంది, పాదం వంపు చదునవుతోంది. చిప్ప కిందనున్న స్నాయువు అతుక్కునేది ఆ కాలెముకకే. ఎముక బయటికి తిరిగితే చిప్పని కూడా బయటికి లాగుతుంది. వదులున్న పిల్లలకి ఈ మెలి తేలిగ్గా వస్తుంది కాబట్టి అరమండి అందంగా కనిపిస్తుంది, గురువుగారు మెచ్చుకుంటారు, చిప్ప మాత్రం ప్రతి అడుగుకీ గాడి అంచు మీద ఉంటుంది.

మీ అమ్మాయి తుంటి నిజంగా ఎంత తిరుగుతుందో ఇంట్లోనే తెలుస్తుంది. నున్నని గచ్చు మీద సాక్సులతో, మోకాళ్ళు నిటారుగా (లాక్ చేయకుండా), పాదాలు పక్కపక్కన పెట్టి నిలబడి, పిరుదులతో కాళ్ళని బయటికి తిప్పమనండి. చేతులతో గానీ, మోకాళ్ళు వంచి గానీ సాయం చేయకూడదు. పాదాలు ఎక్కడ ఆగాయో సుద్దముక్కతో గీయండి. అదే ఆమె అరమండి కోణం. నొప్పి తగ్గేదాకా ఆ గీత దాటనివ్వకండి. గురువుగారితో మీరే వెళ్ళి మాట్లాడండి, పిల్లలు చెప్పలేరు.

వ్యాయామం గురించి. మొదటి నియమం, సాగదీయడం ఆపడం. కాళ్ళు చీల్చి కూర్చోవడం, వేళ్ళు వెనక్కి విరవడం, మెడ పటపటలాడించడం, ఇవన్నీ ఆపాలి. "బిగుసుకుపోయినట్టుంది" అని వాళ్ళే అంటారు. అలసిన కండరం పట్టేసిన బిగుతు అది. వేడి కాపడం పెట్టండి, నెమ్మదిగా నడవనివ్వండి, లాగకండి.

నేను చేయించే వరుస ఇలా ఉంటుంది. మొదటి రెండు వారాలు నిలబడటం నేర్పుతాను: అద్దం ముందు పక్కగా నిలబడి, మోకాలు లాక్ అయ్యేదానికి ఒక్క వెంట్రుకవాసి ముందు ఆపడం. చూడ్డానికి తేలిక, రోజంతా గుర్తుంచుకోవడం కష్టం. వాటితోపాటు గోడకి ఆనుకుని 40 డిగ్రీల వరకు కిందికి దిగి లేవడం, 10 సార్లు, మూడు విడతలు, రోజు మార్చి రోజు. పక్కకి పడుకుని పై కాలు ఎత్తడం, ఇది తుంటి పక్క కండరానికి. ఇది బలహీనంగా ఉంటే మోకాలు లోపలికి కూలుతుంది. మూడో వారం నుంచి ఒంటికాలి మీద కళ్ళు తెరిచి 30 సెకన్లు, అది స్థిరపడ్డాక కళ్ళు మూసి. ఐదో వారం నుంచి 10 సెంటీమీటర్ల మెట్టు మీద నుంచి ఒక కాలితో నెమ్మదిగా దిగడం, మోకాలు రెండో కాలివేలి మీదుగా వెళ్తోందో లేదో చూసుకుంటూ. ఇవన్నీ పాదం నేలకి ఆనించి చేసేవే. కుర్చీలో కూర్చుని బరువు కట్టుకుని కాలు పూర్తిగా చాపే వ్యాయామం మొదట్లో ఇవ్వను. చివరి డిగ్రీల్లో చిప్ప బయటికి జారేది అక్కడే.

ఎంత పెంచాలో చెప్పేది మర్నాటి ఉదయం. చేసేటప్పుడు నొప్పి కొంచెం ఉండవచ్చు. మర్నాడు లేచేసరికి నిన్నటికంటే ఎక్కువ ఉంటే ముందురోజు చేసిందాంట్లో మూడో వంతు తగ్గించాలి. మానేయకూడదు. ఈ పిల్లలు బాగున్న రోజు నాలుగు గంటలు ఆడి తర్వాత మూడు రోజులు పడుకుంటారు, ఆ చక్రం తెగాలి. మోకాలు ఎప్పుడైనా వెనక్కి పోతే ఏదో చిరిగిపోతుందన్న భయం కూడా వద్దు. ఆస్ట్రేలియాలో మోకాలి నొప్పి ఉన్న వదులు కీళ్ళ పిల్లల మీద 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, నిటారు దగ్గర ఆపి చేయించినా, అదుపుతో వెనక్కి వంగేదాకా చేయించినా నొప్పి తగ్గింది. కండరం అదుపులో ఉండటమే ముఖ్యం. ఆ అమ్మాయి ఎనిమిదో వారానికి కళ్ళు మూసి 16 సెకన్లు నిలబడింది. రోజూ ఉండే నొప్పి వారానికి రెండు మూడు రోజులకి తగ్గింది. పూర్తిగా పోలేదు, వాళ్ళమ్మకి ఆ మాట మొదట్లోనే చెప్పాను.

ఆపరేషన్ విషయానికి వస్తే, తొందరపడి ఒప్పుకోకండి, అలాగని ఎప్పటికీ వద్దనీ అనుకోకండి. జారిన కొన్ని గంటల్లోనే మోకాలు బాగా వాచి ఉంటే లోపల రక్తం చేరిందని అర్థం. అప్పుడు ఎమ్మారై చేయాలి. చిప్ప తిరిగి గాడిలోకి వచ్చేటప్పుడు ఎముకతో కలిసి మృదులాస్థి ముక్క ఊడి ఉంటే అది తీయడమో అతికించడమో త్వరగా చేయాలి. అలాంటిదేమీ లేకపోతే సరిగ్గా చేసిన నాలుగైదు నెలల వ్యాయామం తర్వాత కూడా జారుతుంటేనే ఆపరేషన్ మాట. అప్పుడు కూడా డాక్టర్‌ని మూడు విషయాలు అడగండి: గాడి లోతు తక్కువగా ఉందా, చిప్ప మామూలుకంటే పైన ఉందా, స్నాయువు అతుక్కునే చోటు గాడికి ఎంత పక్కకి ఉంది? ఈ చివరిదాన్ని స్కాన్‌లో మిల్లీమీటర్లలో కొలుస్తారు, 20 దాటితే ఎక్కువ అంటారు. ఈ మూడూ మామూలుగా ఉంటే లోపలి లిగమెంట్‌ని కొత్తగా వేసే ఆపరేషన్ ఒక్కటే సరిపోవచ్చు. ఇవి తేడాగా ఉంటే లిగమెంట్ ఒక్కటీ వేస్తే మళ్ళీ జారవచ్చు.

బయటి పక్క బిగుతుని కోసి వదులు చేసే చిన్న ఆపరేషన్ ఒక్కటే చేస్తామంటే మాత్రం ఇంకో అభిప్రాయం తీసుకోండి. అసలే వదులున్న మోకాలిలో ఆ పక్క కూడా కోసేస్తే చిప్ప రెండు వైపులా జారే ప్రమాదం ఉంది. ఒక ఊళ్ళో అలా చేయించుకుని నా దగ్గరికి వచ్చిన పిల్లని ఏడాదిపాటు నడిపించాల్సి వచ్చింది. ఏ ఆపరేషన్ అయినా, పళ్ళ పని అయినా సరే, మత్తు డాక్టర్‌కి కీళ్ళ వదులు సంగతి ముందే చెప్పండి. వీళ్ళలో కొందరికి మత్తు సూది సరిగ్గా పట్టదు, గాయం మానడానికి కుట్లు ఎక్కువ రోజులు ఉంచాల్సి రావచ్చు.

మళ్ళీ జారితే కంగారులో గట్టి కట్టు కట్టి 40 రోజులు పడుకోబెట్టకండి. అలా కట్టించుకుని వచ్చిన పిల్లల తొడ చుట్టుకొలత రెండో కాలికంటే 4 సెంటీమీటర్లు తగ్గడం చూశాను. కాపలా కాసే కండరమే కరిగిపోయింది. తుంటి కొంచెం వంచి కాలిని మెల్లగా చాపితే చాలాసార్లు చిప్ప దానంతట అదే కూర్చుంటుంది. కూర్చోకపోతే బలవంతం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. కూర్చున్నా ఎక్స్‌రే తీయించండి. కొద్దిరోజులు ఐస్, ఆసరాతో నడక, ఆ వెంటనే తొడ బిగించే వ్యాయామం మొదలవ్వాలి.

లేచి నిలబడితే కళ్ళు తిరగడం, గుండె దడదడలాడటం ఉంటే అది కూడా చెప్పండి. వదులు కీళ్ళవాళ్ళలో ఇది తరచూ ఉంటుంది. దాన్ని టెన్షన్ అని కొట్టేస్తారు. పది నిమిషాలు పడుకోబెట్టి నాడి లెక్కపెట్టి, నిలబెట్టాక పది నిమిషాలు మళ్ళీ లెక్కపెడితే తెలుస్తుంది. ఆమె వయసులో 40 పైన పెరిగి అలాగే ఉంటే డాక్టర్ చూడాలి.

డాన్స్ మాన్పించకండి. ఎకోలోనూ కంటిలోనూ ఏమీ లేదని తేలితే ఆమె కీళ్ళకి డాన్స్ శత్రువు కాదు. కానీ ఫిబ్రవరి రంగప్రవేశం వాయిదా వేయండి. గంటన్నర కచేరీ, పళ్ళెం అంచు మీద తరంగం, దూకి ఒంటికాలి మీద దిగే జతులు, వీటికి ఆ మోకాలు ఇప్పుడు సిద్ధంగా లేదు. వ్యాయామం మొదలుపెట్టిన రోజు నుంచి ఎనిమిది వారాలు దూకుళ్ళు లేకుండా, గీసిన గీత లోపల అరమండితో అడుగులు మాత్రమే చేయనివ్వండి. అభినయం ఎంతసేపైనా చేయవచ్చు. ఆ తర్వాత ఒంటికాలి మీద కళ్ళు మూసి 15 సెకన్లు, మెట్టు మీద నుంచి 20 సార్లు మోకాలు కూలకుండా దిగడం, మర్నాడు నొప్పి పెరగకపోవడం, ఈ మూడూ కుదిరాక జతులు కలపండి. ఆ అమ్మాయికి అక్కడిదాకా రావడానికి ఏడు నెలలు పట్టింది. మీ అమ్మాయికి కూడా వచ్చే దసరాకి ముందు తేదీ అనుకోకండి. హాలుకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఈ వారమే మాట్లాడి మార్పించండి. తేదీ తలమీద ఉంటే ఏ పిల్లా నొప్పి ఉందని చెప్పదు.